టికెట్ మీద ఆ ఒక్క గడి చదివి చెప్పండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ట్రావెల్ ఏజెంట్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఊళ్లలో విమాన టికెట్లు తీసిచ్చే ట్రావెల్ ఏజెంట్లందరికీ నమస్కారం.

నేను చెన్నై విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, కువైట్‌కో దుబాయ్‌కో పనికి వెళ్లేవాళ్లు మన జిల్లాల నుంచి ఎక్కువగా చెన్నై వచ్చి విమానం ఎక్కుతారు. వాళ్లలో ఎంతోమంది నా కౌంటర్ ముందు నేల మీద కూర్చుని, కట్టిన పెట్టెలు మళ్లీ విప్పి, పచ్చడి సీసాలు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడటం చూశాను. ఆ పెట్టెలు సర్దడానికి ఇంటిల్లిపాదీ వారం రోజులు కష్టపడి ఉంటారు. వాళ్లు అజాగ్రత్త మనుషులు కారు. వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అంతే. చెప్పగలిగిన మొదటి మనిషి మీరు కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

సామాను ఎంత తీసుకెళ్లొచ్చని అడిగితే మీలో చాలామంది "ముప్పై కిలోలు" అనో "రెండు పెట్టెలు" అనో ఒక్క మాట చెప్పి ప్రింట్ చేతికిస్తున్నారు. వినేవాళ్లకు ఆ రెండూ ఒకే రకం లెక్కలాగా వినిపిస్తాయి. నిజానికి అవి రెండు వేరే పద్ధతులు. ఒకదాంట్లో తప్పు కానిది రెండోదాంట్లో తప్పవుతుంది.

మీరిచ్చే ఈ-టికెట్ ప్రింట్‌లో ప్రతి విమానం వరసలో సామానుకు ఒక చిన్న గడి ఉంటుంది. దాని మీద `BAG` అనో `BAGGAGE` అనో రాసి ఉంటుంది. అందులో `30K` లాంటిది ఉంటే అది తూకం పద్ధతి. `2PC` లాంటిది ఉంటే అది పెట్టెల లెక్క. కొన్ని చౌక టికెట్లలో `0PC` అనో `NIL` అనో ఉంటుంది. అంటే చేతి సంచి తప్ప లోపల వేసే సామాను ఏదీ ఆ టికెట్‌లో లేదని అర్థం. ప్రయాణికుడికి ఈ గడి ఉందనే తెలియదు. తెలిసినా `K`కీ `PC`కీ తేడా తెలియదు.

తూకం పద్ధతి మన ఊరి లారీ కాటా లాంటిది. బస్తాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, మొత్తం బరువు ఎంతన్నదే చూస్తారు. `30K` ఉన్న మనిషి 18 కిలోల పెట్టె ఒకటి, 12 కిలోల అట్టపెట్టె ఒకటి తెస్తే సరిపోతుంది. 29 కిలోల పెట్టె ఒక్కటే తెచ్చినా సరిపోతుంది. పెట్టెల సంఖ్యకు కూడా హద్దు పెట్టే సంస్థలు కొన్ని ఉన్నాయి కాబట్టి అది మాత్రం ఆ సంస్థ నిబంధనల్లో చూసి చెప్పాలి. ఇండియా నుంచి గల్ఫ్‌కు వెళ్లే టికెట్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే ఉంటాయి. బరువు మించితే మించిన ప్రతి కిలోకూ ఇంత అని కట్టించుకుంటారు.

పెట్టెల పద్ధతిలో ప్రతి పెట్టెనూ విడిగా చూస్తారు. అమెరికా, కెనడా టికెట్లు దాదాపుగా ఇవే. మామూలు తరగతిలో ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ కొలతలో చక్రాలు, పిడి కూడా లెక్కే. ఇక్కడ జరిమానాలు మూడు రకాలు. పెట్టె 23 కిలోలు దాటితే ఒకటి, కొలత దాటితే ఒకటి, పెట్టెల సంఖ్య దాటితే ఇంకొకటి. ఒకే పెట్టె బరువూ కొలతా రెండూ దాటితే రెండు జరిమానాలూ వేసే సంస్థలు కూడా ఉన్నాయి.

ఏ పద్ధతి అయినా ఒక పెట్టె 32 కిలోలు మించితే డబ్బు కడతామన్నా మామూలు సామానుగా తీసుకోరు. ఆ పెట్టెలను విమానం కడుపులోకి ఎత్తేది మనుషులే. వాళ్ల నడుములు దెబ్బతినకుండా పెట్టిన హద్దు అది. దాని గురించి కౌంటర్లో బతిమాలి లాభం లేదు. అక్కడ ఉన్నవాళ్ల చేతిలో లేదు.

ఎక్కువమంది ఇరుక్కునేది పెట్టెల పద్ధతిలోనే. నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతినే ఒక లెక్కగా చెబుతాను. భార్యాభర్తలిద్దరు, డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళుతున్నారు. ఇద్దరికీ `2PC`. అంటే నాలుగు పెట్టెలు. తూకం వేస్తే ఒకటి 25.4, రెండోది 19.8, మూడోది 23.9, నాలుగోది 18.6 వచ్చాయి. పెద్దాయన మనసులోనే కూడేసి అడుగుతారు.

"ఏందమ్మా, నాలుగూ కలిపితే ఎనభై ఎనిమిది లోపే గదా. మాకు తొంభై రెండు దాకా ఉందన్నారే."

ఆయన కూడిక తప్పు కాదు. మొత్తం 87.7 కిలోలే. కానీ ఆ కూడికకు ఇక్కడ విలువ లేదు. రెండు పెట్టెలు 23 దాటాయి, కాబట్టి రెండింటికీ జరిమానా పడుతుంది. ఈ జరిమానా కిలోల లెక్కన ఉండదు. 23 దాటిన దగ్గర నుంచి 32 వరకు ఒకటే మొత్తం. 25.4కి ఎంతో 31కీ అంతే. అమెరికా దారిలో చాలా సంస్థల్లో అది పెట్టెకు వంద డాలర్లు, అంతకు పైనే. అంటే నాలుగు కిలోల లోపు సామాను తప్పు పెట్టెలో ఉన్నందుకు రెండు వందల డాలర్లు.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. మొదటి పెట్టెలోంచి 2.6 కిలోలు తీసి రెండోదాంట్లో, మూడోదాంట్లోంచి 1.2 కిలోలు తీసి నాలుగోదాంట్లో వేస్తే చాలు. అప్పుడు బరువులు 22.8, 22.4, 22.7, 19.8 అవుతాయి. ఒక్క వస్తువు ఇంట్లో వదలనక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. కౌంటర్ ముందు ఇదే పని చేయాలంటే వెనక వరస ఆగిపోతుంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో గుర్తు రాదు, చుట్టించిన ప్లాస్టిక్ కోయాల్సి వస్తుంది. అంతర్జాతీయ విమానానికి కౌంటర్ సాధారణంగా బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. ఆ టెన్షన్‌లో చాలామంది సర్దడం మానేసి డబ్బే కట్టేస్తారు.

ఇంకో తప్పు దారి కూడా చెప్పాలి. పెట్టె బరువైందనగానే పైనున్న పచ్చడి డబ్బా తీసి చేతి సంచిలో వేసుకుంటారు. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు, ముద్దలాంటివి తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ, గోంగూర, నెయ్యి అన్నీ సెక్యూరిటీ దగ్గర ఆగిపోతాయి. అప్పటికి పెట్టెలు బెల్టు మీద లోపలికి వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి ఆ డబ్బాను అక్కడ వదిలేయడమే. చేతి సంచికి మార్చాల్సి వస్తే బట్టలు, పుస్తకాలు, ఉదయగిరి చెక్క గరిటెలు లాంటివి మార్చమని చెప్పండి. అటు నుంచి ఇటు మార్చేటప్పుడు పవర్ బ్యాంక్ మాత్రం లోపల వేసే పెట్టెలో పెట్టకూడదు, అది చేతి సంచిలోనే ఉండాలి. చేతి సంచికీ తూకం ఉంటుంది. ఏడు కిలోలని పెట్టుకున్న సంస్థలు చాలా ఉన్నాయి.

పెట్టెల పద్ధతిలో రెండో పొరపాటు మూడో మూట. ఒక పిల్లవాడు చదువుకోవడానికి వెళుతున్నాడు. రెండు పెట్టెలు సర్దాడు, ఒక్కోటి పదిహేను కిలోలే. బయలుదేరే ముందు అమ్మమ్మ ఆరు కిలోల పచ్చళ్లు, కారప్పొడి కలిపి ఒక సంచి కట్టిచ్చింది. మొత్తం 36 కిలోలు. 46కి హాయిగా సరిపోతుందని అనుకుంటారు. కానీ ఆ సంచి మూడో పెట్టె కింద లెక్క. అదనపు పెట్టె రుసుము చాలాచోట్ల బరువు జరిమానా కంటే కూడా ఎక్కువ. ఆ ఆరు కిలోలూ పెట్టెల్లోనే చోటు చేసి సర్దుకుంటే ఖర్చే లేదు. విద్యార్థుల విషయంలో మీకింకో విన్నపం. కొన్ని సంస్థలు విద్యార్థి టికెట్ పేరుతో అదనంగా ఒక పెట్టె ఇస్తాయి. అది టికెట్ తీసేటప్పుడే ఆ రకంగా తీయాలి. మామూలు టికెట్ తీసిచ్చి "కౌంటర్లో ఐడీ కార్డు చూపించు బాబూ" అని పంపితే ఆ పెట్టె దొరకదు.

ఇప్పుడు మీ పనికి నేరుగా సంబంధించిన సంగతికి వస్తాను. నష్టం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఇక్కడే. టికెట్ చౌకగా రావాలని మీలో కొందరు ప్రయాణాన్ని రెండు ముక్కలుగా కోసి రెండు టికెట్లు తీస్తున్నారు. ఒంగోలు దంపతులకు గన్నవరం నుంచి ఢిల్లీకి దేశీయ టికెట్ ఒకటి, ఢిల్లీ నుంచి అమెరికాకు ఇంకొకటి. కలిపి చూస్తే ఏడెనిమిది వేలు తగ్గింది, వాళ్లూ సంతోషించారు. కానీ అమెరికా టికెట్‌లో `2PC` ఉంటే దేశీయ టికెట్‌లో `15K` ఉంటుంది. మన దేశంలో మామూలు తరగతికి ఎక్కువగా ఉండే హద్దు అదే. ఇద్దరికీ కలిపి 30 కిలోలు. వాళ్లు తెచ్చింది నాలుగు పెట్టెలు నిండుగా, 92 కిలోలు. గన్నవరం కౌంటర్ వాళ్లకు 62 కిలోలు అదనం. కిలోకు ఐదు వందలని అనుకున్నా 31,000 రూపాయలు. పొదుపు చేసిన దానికి నాలుగింతలు అక్కడే పోతుంది. తిరుగు ప్రయాణంలో పిల్లలిచ్చిన సామానుతో ఢిల్లీలో దిగినప్పుడు అదే కథ ఇంకోసారి.

అదే ప్రయాణాన్ని ఒకే టికెట్ మీద తీస్తే ఈ ఇబ్బంది ఉండదు. అమెరికా నుంచి గానీ అమెరికాకు గానీ వెళ్లే టికెట్‌కు, మొదట్లో వర్తించిన సామాను లెక్కే ప్రయాణం చివరిదాకా వర్తించాలని ఆ దేశ రవాణా శాఖ నిబంధన 2012 నుంచి అమల్లో ఉంది. మధ్యలో సంస్థ మారినా, దేశీయ విమానం ఉన్నా, ఒకే టికెట్ అయితే గన్నవరంలో కూడా `2PC`యే చూస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో కస్టమ్స్ కోసం పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాల్సి వస్తుంది గానీ లెక్క మారదు. విడి టికెట్లయితే ఈ రక్షణ లేదు. అంతర్జాతీయ టికెట్ చూపిస్తే దేశీయ విమానంలో కొంత అదనంగా ఇచ్చే సంస్థలు లేకపోలేదు. దాన్ని మీరు ముందే ఆ సంస్థను అడిగి, రాతపూర్వకంగా తీసుకుని ప్రయాణికుడి చేతికి ఇవ్వాలి. "చూపిస్తే వదిలేస్తారులే" అన్న మాట మీద ముసలివాళ్లను పంపకండి.

రెండు ముక్కలుగా తీయడమే తప్పని నేను అనడం లేదు. చేతి సంచితో వెళ్లేవాడికి అది మంచిదే కావచ్చు. ఆ ఏడెనిమిది వేల పక్కనే ఈ 31,000 కూడా చెప్పి, ఎంచుకోవడం వాళ్లకు వదలమంటున్నాను.

ఇలాంటిదే చిన్నది ఇంకొకటుంది. తూకం పద్ధతిలో ఒకే పీఎన్ఆర్ మీద ఉండి కలిసి చెక్-ఇన్ అయ్యేవాళ్ల బరువులు కలిపి చూడటం మామూలు. కువైట్ వెళ్లే అన్నదమ్ములిద్దరికి చెరో `30K` ఉంటే, ఒకరివి 35, ఇంకొకరివి 24 అయినా మొత్తం 59 కాబట్టి సరిపోతుంది, ఏ పెట్టె కూడా 32 దాటనంతవరకు. చౌక సీటు ఒక్కటే మిగిలిందని మీరు ఇద్దరికీ విడివిడిగా బుక్ చేస్తే పీఎన్ఆర్‌లు రెండవుతాయి. అప్పుడు కలపడానికి ఒప్పుకోకపోవచ్చు. మొదటివాడు ఐదు కిలోలకు డబ్బు కడుతుంటే రెండోవాడి దగ్గర ఆరు కిలోల చోటు ఖాళీగా ఉంటుంది. విడగొట్టక తప్పకపోతే ఎవరి బరువు వాళ్లు సరిచూసుకోవాలని ఆ రోజే చెప్పండి.

మరి నిజంగానే సామాను ఎక్కువుంటే? ముందే కొనుక్కోవడం మంచిది. గల్ఫ్ సంస్థల్లో ఐదు కిలోలు, పది కిలోలు చొప్పున అదనపు బరువును టికెట్‌తో పాటుగానీ తర్వాత ఆన్‌లైన్‌లో గానీ కొనొచ్చు. కౌంటర్ ధర కంటే అది సాధారణంగా తక్కువ. దానికి గడువు ఉంటుంది. విమానం బయలుదేరడానికి కొన్ని గంటల ముందే ఆ కొనుగోలు ఆపేస్తారు, ఆ గంటలు సంస్థను బట్టి మారతాయి. చెన్నై దారిలో సూళ్లూరుపేట దాటాక గుర్తొచ్చి మీకు ఫోన్ చేస్తే అప్పటికి ఆలస్యమై ఉండొచ్చు. అందుకే రెండు రోజుల ముందు మీరే ఒక ఫోన్ చేసి "పెట్టెలు తూకం వేశారా, ఎంతొచ్చింది" అని అడిగితే ఎంతో మేలు.

తూకం మాటకొస్తే, వేలాడదీసే చిన్న డిజిటల్ కాటాలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో అర కిలో తేడా చూపించేవి ఉంటాయి. దాన్ని పట్టుకోవడం తేలికే. మన బజార్లో సీలు విప్పని 26 కిలోల బియ్యం బస్తా దొరుకుతుంది కదా, దాన్ని ఆ కాటాకు తగిలించి చూడాలి. 25.5 చూపిస్తే ఆ కాటా అర కిలో తక్కువ చెబుతోందని తెలిసిపోతుంది. కాటా లేనివాళ్లు కిరాణా కొట్టులోనో ఎరువుల కొట్టులోనో ఉన్న పెద్ద కాటా మీద వేయించుకోవచ్చు. వాటికి తూనికల శాఖ ముద్ర ఉంటుంది. ఏ కాటా అయినా పెట్టెను 22.5 దగ్గర ఆపేయమనండి. ఖాళీ పెట్టెకే మూడు నుంచి ఐదు కిలోలు ఉంటుందన్నది కూడా కొనేముందే చెప్పాలి. గట్టిగా ఉంటుందని బరువైన పెట్టె కొంటే ఆ రెండు కిలోలు నాలుగు పెట్టెలకు ఎనిమిది కిలోలవుతాయి. తిరిగొచ్చేటప్పుడు అమెరికాలో కాటాలు పౌండ్లలో ఉంటాయి. అక్కడ హద్దు 50 పౌండ్లు అని గుర్తుపెట్టుకోమనాలి.

ఇంకో జాగ్రత్త. సాగనంపడానికి వచ్చినవాళ్లు విమానాశ్రయం లోపలికి రాలేరు. లోపలికి వెళ్లినవాళ్లు సామాను ఇవ్వడానికి మళ్లీ బయటకు రావడం తేలిక కాదు. కారు వెంటనే వెనక్కి తిప్పకుండా, చెక్-ఇన్ అయిందని ఫోన్ వచ్చేదాకా అక్కడే ఆగమని చెప్పండి. ఏదైనా తీసేయాల్సి వస్తే గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లను అడిగి అందించే వీలు కొన్నిసార్లు దొరుకుతుంది. కారు వెళ్లిపోతే ఆ వీలు కూడా ఉండదు.

నేను మీ నుంచి కోరేది పెద్దదేం కాదు. టికెట్ ప్రింట్ ఇచ్చేటప్పుడు ఆ సామాను గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పక్కన తెలుగులో రెండు మూడు ముక్కలు రాయండి. అమెరికా వెళ్లే దంపతులకైతే: "ఇద్దరికీ కలిపి 4 పెట్టెలు. ఏ పెట్టె కూడా 23 కిలోలు దాటకూడదు. ఒకదాంట్లో తగ్గింది ఇంకోదాంట్లో కలవదు." కువైట్ వెళ్లేవాడికైతే: "మొత్తం 30 కిలోలు. ఏ పెట్టె కూడా 32 దాటకూడదు. ఎక్కువుంటే ఫలానా రోజు లోపు నాకు చెప్పండి." రెండు టికెట్లయితే రెండింటి మీదా విడివిడిగా రాసి, తక్కువ ఉన్నదాన్ని బట్టే సర్దుకోవాలని చెప్పండి. అమెరికా టికెట్ అనగానే అలవాటుగా రెండు పెట్టెలని చెప్పేయకండి. ఈమధ్య చౌక రకాల్లో అమెరికాకు కూడా `1PC` మాత్రమే ఇస్తున్నారు. మొన్న తీసిన టికెట్‌లో ఉన్నది ఈరోజు తీసిన టికెట్‌లో ఉండకపోవచ్చు. ప్రతిసారీ ఆ గడే చూడాలి.

మీలో కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. సామాను నిబంధనలు సంస్థ సంస్థకూ మారతాయి, అన్నీ గుర్తుండవు. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ పదిమంది ఒకచోట కూర్చునేట్టయితే నేను వచ్చి, మీరు తీసిన టికెట్లనే ముందు పెట్టుకుని, ఏ గడి ఎలా చదవాలో, కౌంటర్లో దాన్ని ఎలా చూస్తారో ఒక పూట కూర్చుని చూపిస్తాను. దానికి నాకేమీ ఇవ్వనక్కర్లేదు. కావలి రైల్వే స్టేషన్ నుంచి ఎటువైపైనా ఒక్క పాసింజర్ ఎక్కితే చేరిపోతాను. ఆదివారం అయితే మీకూ వీలు కదా.

ఇట్లు,
చెన్నై విమానాశ్రయం మాజీ చెక్-ఇన్ ఉద్యోగిని,
కావలి